ఆర్నెల్ల విరామంలో అసలు ఖర్చు తిరిగొచ్చాకే

ఉద్యోగం మానేసి ఆర్నెల్లు ఊళ్లు తిరగాలనుకునేవాళ్లు ముందుగా లెక్కేసేది ప్రయాణం ఖర్చే. టికెట్లు, గదులు, తిండి కూడుకుంటారు. ఇంటి దగ్గర ఆగని ఖర్చుల్ని కూడా కొందరు కలుపుతారు. ఇంటికొచ్చాక మళ్లీ జీతం చేతికందేదాకా బతకడానికి పట్టే డబ్బు మాత్రం చాలామంది లెక్కలోకి రాదు. నా లెక్కలో అన్నిటికన్నా బరువైనది అదే.

హైదరాబాద్‌లో నెలకు 85 వేలు చేతికొచ్చే ఒక ఉద్యోగి సంగతి ఊహించి చూద్దాం. ఇంటి ఈఎంఐ 26 వేలు, ఊళ్లో అమ్మానాన్నలకు 10 వేలు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, ఫోను, బీమా కలిపి 4 వేలు. అతను స్పితిలో ఉన్నా షిల్లాంగ్‌లో ఉన్నా ఈ 40 వేలూ నెలనెలా కట్టాల్సిందే. ఆరు నెలలకు 2 లక్షల 40 వేలు. ప్రయాణానికి నెలకు 35 వేల చొప్పున 2 లక్షల 10 వేలు. తిరిగొచ్చాక ఉద్యోగం దొరకడానికి మూడు నెలలు, చేరాక మొదటి జీతానికి ఇంకో నెల అనుకుందాం. ఇంటి దగ్గర తిండీ తిరుగుడూ కలిపి నెలకు 60 వేల లెక్కన ఆ నాలుగు నెలలకూ మరో 2 లక్షల 40 వేలు. ఆపదకు విడిగా లక్ష ఉంచుకుంటే మొత్తం 7 లక్షల 90 వేలు. నెలకు 30 వేలు దాచేవాడికి ఇది రెండేళ్ల పైమాటే.

అంత కాలం ఆగలేక విరామాన్ని నాలుగు నెలలకు కుదిస్తే తగ్గేది లక్షన్నరే. తిరిగొచ్చాక అయ్యే ఖర్చు నాలుగు నెలలు తిరిగినా ఆరు నెలలు తిరిగినా ఒక్కటే కదా! అందుకే తగ్గించాల్సింది ఆ ఖర్చునే. రాజీనామా రాసేముందు జీతం లేని సెలవు ఇస్తారేమో కంపెనీని అడగాలి. ఇస్తే తిరిగొచ్చాక మొదటి జీతందాకా ఒక్క నెల గడిస్తే చాలు, అంటే 2 లక్షల 40 వేలు కాస్తా 60 వేలవుతుంది. ఎప్పుడు చేరాలి, ఏ హోదాలో చేరాలి, సెలవులో కంపెనీ ఆరోగ్య బీమా ఉంటుందా అన్న మూడూ కాగితం మీద రాయించుకోవాలి. మేనేజర్ నోటిమాట మేనేజర్ మారితే చెల్లదు.

సెలవు దొరక్క మానేయాల్సి వస్తే బీమా గురించి మరింత జాగ్రత్త పడాలి. కంపెనీ బీమా సాధారణంగా ఆఖరి పనిరోజుతోనే ఆగిపోతుంది. సొంతంగా కొత్త పాలసీ తీసుకుంటే ప్రమాదాలకు తప్ప మిగతా జబ్బులకు మొదటి 30 రోజులు వర్తించదు. కొన్ని జబ్బులకు ఏళ్ల తరబడి ఆగాలి. అందుకే నోటీస్ పీరియడ్ మొదలయ్యేలోపే పాలసీ తీసుకోవాలి.

ఇక మజిలీల విషయం. వారానికో ఊరు మారితే డబ్బు బస్సులకూ ఒక్కరోజు గదులకూ పోతుంది, ఒంట్లో ఓపికా పోతుంది. వంటగది ఉన్న గది నెలకు మాట్లాడుకుంటే రోజు అద్దె కన్నా చాలా చౌక. ఆరు నెలలకు నాలుగైదు మజిలీలు చాలు, వాటి వరుస మాత్రం వానల్ని బట్టి ఉండాలి. జులై, ఆగస్టుల్లో హిమాచల్, ఉత్తరాఖండ్ దారుల్లో కొండచరియలు విరిగిపడతాయి. స్పితి, లడఖ్‌లలో వాన తక్కువే అయినా వాటికి పోయే దారులు చాలావరకు ఆ కొండల మీదుగానే ఉంటాయి. జూన్ చివరికల్లా చేరుకుని, వానలు తగ్గేదాకా అక్కడే ఉండటం మేలు. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి విమానంలో దిగినవాళ్లు మొదటి రెండు రోజులూ ఏ పనీ పెట్టుకోకూడదు. అక్టోబరు, నవంబరుల్లో మేఘాలయ, అస్సాం హాయిగా ఉంటాయి. అరుణాచల్‌కు మాత్రం ముందే ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకోవాలి.

చివరి మజిలీ అందం చూసి ఎంచుకునేది కాదు. నెట్ సరిగా వచ్చి, గదిలో బల్లా కుర్చీ ఉన్న ఊరైతే చాలు. ఐదో నెల నుంచే పాత సహోద్యోగులకు ఫోన్లు చేయడం, ఇంటర్వ్యూలు ఇవ్వడం అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు. తిరిగొచ్చాక వాడుకోవాల్సిన డబ్బు వేరే ఖాతాలో ఉంచి, దారిలో ఎప్పుడైనా దాని మీద చెయ్యి పడిందంటే ఆ వారమే ఇంటికి బయల్దేరాలి.

ఇంటర్వ్యూలో ఖాళీ గురించి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పడమే క్షేమం. ఆర్నెల్లూ దాచడానికి పాత ఉద్యోగం తేదీలు సాగదీసి రాసేవాళ్లున్నారు. పీఎఫ్ రికార్డులో చేరిన తేదీ, మానేసిన తేదీ ఉంటాయి, వెరిఫికేషన్‌లో వాటిని సరిపోల్చితే చేతికొచ్చిన ఆఫర్ జారిపోతుంది. రిలీవింగ్ లెటర్, చివరి మూడు నెలల పే స్లిప్పులు బయల్దేరేముందే దాచుకోవాలి. పాత కంపెనీ పీఎఫ్‌లో మానేసిన తేదీ నమోదు చేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఈపీఎఫ్ఓ పోర్టల్లో మనమే నమోదు చేసుకోవచ్చు. ఆ పని తిరుగుతున్నప్పుడే ముగించుకుంటే కొత్త కంపెనీలో పాత పీఎఫ్ బదిలీ చేయించుకునేటప్పుడు ఇబ్బంది ఉండదు.