బాకీ అడగడం ఎన్నిసార్లు, ఎంత ఎడంతో, ఎందాక: అపోహలు – వాస్తవాలు

బెంగళూరు పాతపేటలో చిక్‌పేటకూ కబ్బన్‌పేటకూ దగ్గరగా ఉన్న నగర్తపేట టోకు వర్తకానికీ, బంగారు పనివారి కార్ఖానాలకూ నెలవు. హిందూపురం, మదనపల్లె, కదిరి వంటి సీమ పట్టణాల దుకాణదారులు పాతపేటలో సరుకు అరువుపై ఎత్తుకోవడం పరిపాటి కాబట్టి, గడువు దాటినా డబ్బు రాక, ఉత్తరానికీ ఫోనుకూ బదులు లేక, మళ్లీ అడగాలా వద్దా అన్న సందిగ్ధం ఇక్కడి వర్తకులకు తరచుగా ఎదురవుతుంది. ఈ సందిగ్ధాన్ని చాలామంది మర్యాదకు సంబంధించిన ప్రశ్నగా చూస్తారు. నిజానికి ఎన్నిసార్లు అడగాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించేవి చాలావరకు తేదీలే. వాటిలో కొన్ని మార్కెట్టు రివాజు వల్ల ఏర్పడినవి, కొన్ని చట్టం నిర్ణయించినవి.

విషయం స్పష్టపడటానికి ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకోవచ్చు. నగర్తపేటలోని ఒక టోకు వస్త్ర వ్యాపారి 2025 జూన్ 2న హిందూపురంలోని ఒక దుకాణానికి 1,80,000 రూపాయల విలువైన చీరలు, 5 శాతం జీఎస్టీతో కలిపి 1,89,000 రూపాయల బిల్లుపై, 30 రోజుల అరువుకు పంపాడనుకుందాం. గడువు జూలై 2తో ముగిసింది. డబ్బు రాలేదు, బదులూ లేదు.

అపోహ: బదులు రాకపోతే ఇచ్చే ఉద్దేశం లేనట్టే.

మౌనానికి కారణాలు ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి, మొదటి రెండు మూడు ఉత్తరాల పని ఆ కారణాన్ని తేల్చుకోవడమే. పై ఉదాహరణలో గడువు ముగిసిన జూలై 2 ఆషాఢ మాసంలో పడింది. ఆ ఏడు ఆషాఢం జూన్ 26 నుంచి జూలై 24 వరకు సాగింది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, బట్టల దుకాణాలు నిల్వ సరుకును తగ్గింపు ధరలకు వదిలించుకుంటాయి, గల్లాపెట్టెలోకి డబ్బు పలచగా వస్తుంది. శ్రావణం వచ్చి వరలక్ష్మీవ్రతపు కొనుగోళ్లు మొదలయ్యాకే చిన్న పట్టణాల దుకాణాలలో నగదు కదులుతుంది. కాబట్టి ఆషాఢంలోని మౌనమూ, వరలక్ష్మీవ్రతం జరిగిన ఆగస్టు 8 దాటాక కూడా కొనసాగే మౌనమూ ఒకటి కావు.

రెండవ కారణం సరుకు మీద చెప్పని ఫిర్యాదు. మూటలో చీరలు తక్కువ రావడం, రంగు తేడా, బిల్లు మీద జీఎస్టీ నంబరు తప్పుగా పడటం వంటివి జరిగినప్పుడు, కొన్నవారు తగాదా పడటం ఇష్టంలేక ఊరకే ఉండిపోతారు. డబ్బు మాత్రమే అడిగే ఉత్తరం ఈ చిక్కును ఎన్నటికీ బయటికి తీయదు. సరుకు సరిగా చేరిందా, బిల్లులో సవరణ ఏమైనా ఉందా అని ముందుగా అడిగే ఉత్తరమే తీస్తుంది. పైగా లోపమేమీ లేదని వచ్చే చిన్న జవాబు, తరువాత వివాదం కోర్టుకు వెళ్తే, పది ఉత్తరాల కంటే విలువైన ఆధారం అవుతుంది.

అపోహ: వారానికొకసారి అడుగుతూ ఉంటే ఎప్పటికైనా వసూలవుతుంది.

ఒకే మాట ఒకే ఎడంతో మళ్లీ మళ్లీ వస్తే, అడగడం తప్ప అవతలివాడు మరేమీ చేయడని బాకీదారుకు అర్థమవుతుంది. ప్రతి ఉత్తరం వెనకటి దానిలో లేని ఒక కొత్త విషయాన్ని మోసుకువెళ్లాలి, ఎడం క్రమంగా పెరగాలి. చెప్పడానికి కొత్త విషయం లేనినాడు ఉత్తరం రాయకపోవడమే మేలు.

ఉదాహరణలోని వ్యాపారికి ఈ లెక్కన అయిదు ఉత్తరాలు సరిపోతాయి. గడువుకు కొద్దిగా ముందు, జూన్ 28 ప్రాంతంలో, బిల్లు నంబరూ తేదీ మొత్తమూ మాత్రమే గుర్తుచేసే మొదటిది వెళ్తుంది. ఇందులో ఆరోపణ ఉండదు, ఎందుకంటే బాకీ ఇంకా బాకీ కాలేదు. జూలై 7కు సరుకు గురించీ బిల్లు గురించీ అడిగే రెండవది. శ్రావణం మొదలయ్యాక, జూలై 28 ప్రాంతంలో, ఖాతా నకలుతో మూడవది, దానితోపాటు ఒక ఫోను. ఇక్కడ అడగవలసింది మొత్తం డబ్బు కాదు, ఒక తేదీ లేదా ఎంతో కొంత జమ. సెప్టెంబరు మొదటివారంలో నాలుగవది, దానిలో కొత్త విషయాలు రెండు: ఇకపై అరువు సరుకు లేదన్న నిర్ణయం, సంతకం చేసి తిప్పి పంపవలసిన బాకీ ధ్రువీకరణ పత్రం. కొత్త సరుకు ఆపకుండా పాత బాకీ అడగడం వ్యర్థమని గట్టిగానే చెప్పాలి. సరుకు అందుతున్నంత కాలం మౌనం వల్ల బాకీదారుకు నష్టమేమీ లేదు.

అయిదవ ఉత్తరాన్ని దీపావళి రద్దీ ముగిశాక నవంబరు 10 ప్రాంతంలో పంపాలి, దాని తేదీని జీఎస్టీ చట్టమే సూచిస్తుంది. సరుకు కొన్న వర్తకుడు తాను కట్టిన పన్నును తన అమ్మకాల పన్నులో తగ్గించుకుంటాడు. దీన్ని ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ అంటారు. బిల్లు తేదీ నుంచి 180 రోజులలోగా అమ్మినవారికి డబ్బు కట్టకపోతే ఈ తగ్గింపును వడ్డీతో సహా వెనక్కి ఇవ్వాలి, డబ్బు కట్టాక మళ్లీ పొందవచ్చు. ఉదాహరణలో ఆ 180 రోజులు నవంబరు 29తో నిండుతాయి. దానికి మూడు వారాల ముందు వెళ్లే ఉత్తరం బాకీదారును మాత్రమే కాక అతని లెక్కలు చూసే ఆడిటరును కూడా కదిలిస్తుంది. అయితే ఈ ఒత్తిడికి హద్దులున్నాయి: ఇక్కడ పణంగా ఉన్నది 9,000 రూపాయలే, కంపోజిషన్ పద్ధతిలో పన్ను కట్టే చిన్న దుకాణానికి ఆ క్రెడిట్ మొదలే ఉండదు.

అపోహ: 45 రోజుల చట్టం అందరినీ కాపాడుతుంది.

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం 2006లో వచ్చింది. దాని ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులకు మించి డబ్బు ఆపరాదు. ఆపితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్న బంగారు పని కార్ఖానాకూ, చీరలు నేసే మగ్గాల యూనిట్‌కూ ఇది బలమైన ఆయుధం. కానీ సరుకు కొని అమ్మే వర్తకులకు 2021 జూలైలో ఉద్యం రిజిస్ట్రేషన్ తిరిగి ఇచ్చినప్పుడు, అది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాలకే పరిమితమని కేంద్రం స్పష్టం చేసింది. కాబట్టి పై ఉదాహరణలోని టోకు వ్యాపారి ఈ చట్టాన్ని ప్రస్తావిస్తూ ఉత్తరం రాస్తే, అవతలి ఆడిటరు దాన్ని ఇట్టే పక్కన పెడతాడు. చెల్లని బెదిరింపు ఉన్న ఉత్తరం తరువాతి ఉత్తరాల బరువును కూడా తగ్గిస్తుంది.

అపోహ: ఏటా ఒక ఉత్తరం పంపితే బాకీకి కాలదోషం పట్టదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చేది ఈ నమ్మకమే. కాలపరిమితి చట్టం, 1963 ప్రకారం అరువు గడువు ముగిసిన నాటి నుంచి మూడేళ్లలోగా దావా వేయాలి. ఉదాహరణలో ఆ అవధి 2028 జూలై 2తో ముగుస్తుంది. డబ్బు రావలసినవాడు ఎన్ని ఉత్తరాలు రాసినా, స్పీడ్ పోస్టులో పంపినా, వకీలు నోటీసు ఇచ్చినా ఆ తేదీ ఒక్కరోజు కూడా జరగదు. గడియారాన్ని మళ్లీ మొదటికి తిప్పగలిగేది బాకీదారు చేసే పని మాత్రమే: మూడేళ్లు నిండకముందే అతడు రాతపూర్వకంగా, సంతకంతో బాకీని ఒప్పుకోవాలి, లేదా కొంత సొమ్ము జమచేయాలి, ఆ జమకు అతని చేతిరాత గానీ సంతకం గానీ ఆధారంగా ఉండాలి. అలా జరిగిన నాటి నుంచి కొత్తగా మూడేళ్లు లెక్కకు వస్తాయి. నాలుగవ ఉత్తరంతో బాకీ ధ్రువీకరణ పత్రం పంపడం ఇందుకే; పదివేలైనా చెక్కుగా జమ కట్టమని అడగడమూ ఇందుకే.

వాట్సాప్‌లో నీలి టిక్కులు పడితే ఒప్పుకున్నట్టేనని అనుకునేవారు కూడా ఉన్నారు. చదవడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఇ-మెయిలులో బాకీదారు స్వయంగా బాకీని ఒప్పుకుంటూ రాసిన మాటను కర్ణాటక హైకోర్టు 2013లో సుదర్శన్ కార్గో కేసులో చెల్లుబాటయ్యే అంగీకారంగా గుర్తించింది; కనుక ఇంత మొత్తం ఇవ్వవలసి ఉంది, ఫలానా నాటికి ఇస్తాను అని అతడు రాసే ఒక్క వాక్యాన్ని రాబట్టడం మీద శ్రద్ధ పెట్టాలి. మూడేళ్లు దాటాక వచ్చే ఉత్త అంగీకారం అవధిని తిరిగి తేలేదు. అప్పటికి మిగిలేది, కాలదోషం పట్టిన బాకీని తీరుస్తానని సంతకంతో రాసి ఇచ్చే స్పష్టమైన వాగ్దానమొక్కటే, దాన్ని కాంట్రాక్టు చట్టం కొత్త ఒప్పందంగా చూస్తుంది.

అపోహ: చెక్కు చెల్లకపోయినా ఓపికగా గుర్తుచేస్తూ ఉండవచ్చు.

ఇక్కడ ఓపికకు చోటు లేదు. చెక్కు వెనక్కి వచ్చిందని బ్యాంకు తెలిపిన నాటి నుంచి 30 రోజులలో రాతపూర్వక నోటీసు పంపాలి. నోటీసు అందాక బాకీదారుకు 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే ఒక నెలలో ఫిర్యాదు. నోటీసు గడువు తప్పినా, చెక్కు చెల్లుబాటయ్యే మూడు నెలలలోగా దాన్ని మళ్లీ బ్యాంకులో వేసి, మళ్లీ వెనక్కి వస్తే కొత్త నోటీసు ఇవ్వవచ్చునని సుప్రీంకోర్టు 2012లో ఎం.ఎస్.ఆర్. లెదర్స్ కేసులో చెప్పింది. ఆ మూడు నెలలూ దాటితే ఈ దారి మూసుకుపోయి, మామూలు దావా ఒక్కటే మిగులుతుంది.

అపోహ: ఆపితే డబ్బు వదులుకున్నట్టే, రాదని నిరూపించుకునేదాకా అడుగుతూనే ఉండాలి.

అయిదు ఉత్తరాలకూ బదులు లేకపోతే డిసెంబరులో పదిహేను రోజుల గడువుతో వకీలు నోటీసు వెళ్లాలి, ఆ తరువాత అడగడం పూర్తిగా ఆగిపోవాలి. ఆఖరి గడువు అని రాసి మళ్లీ ఇంకొక ఆఖరి గడువు ఇచ్చినవారి మాటను ఎవరూ లెక్కచేయరు. ఆపడమంటే హక్కు పోవడం కాదు. దావా వేయడానికి 2028 జూలై దాకా వ్యవధి ఉంటుంది. మొత్తం 3 లక్షల లోపే కాబట్టి, అంతకు మించిన వాణిజ్య వివాదాలకు తప్పనిసరైన ముందస్తు మధ్యవర్తిత్వం కూడా ఇక్కడ అడ్డురాదు. సంతకంతో కూడిన ధ్రువీకరణ చేతిలో ఉండి, దుకాణం నడుస్తూ ఉంటే దావా వేయడం సబబు. దుకాణం మూతపడి, చేతిలో ఉత్త బిల్లు తప్ప మరేదీ లేకపోతే, వకీలు ఫీజూ హిందూపురం తిరుగుళ్లూ వచ్చే డబ్బును మింగేస్తాయి.

అటువంటప్పుడు ఖాతా మూసేయడానికి బాకీ మునిగిందని నిరూపించుకోనవసరం లేదు. 1989 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న సవరణ ప్రకారం, ముందే ఆదాయంగా చూపిన బాకీని ఖాతాపుస్తకాలలో రానిబాకీగా కొట్టివేస్తే ఆదాయపు పన్ను లెక్కలో దాన్ని తగ్గించుకోవచ్చు. అది నిజంగా రాదని రుజువు చేయనక్కరలేదని సుప్రీంకోర్టు 2010లో టి.ఆర్.ఎఫ్. కేసులో తేల్చింది. ఆ బాకీ తరువాత ఎప్పుడైనా వసూలైతే, వచ్చిన సంవత్సరపు ఆదాయంలో కలుస్తుంది. అమ్మినప్పుడు కట్టిన 9,000 రూపాయల జీఎస్టీ మాత్రం, బాకీ మునిగినంత మాత్రాన తిరిగి రాదు.