బరువు లేని చోట దూలం ఎంత దిగుతుంది?

బాల్కనీ కోసం గోడలోంచి 2 మీటర్లు బయటికి వచ్చిన ఉక్కు దూలం ఉందనుకోండి. దాని మీద మీటరుకు 10 కిలోన్యూటన్లు, అంటే సుమారు ఒక టన్ను చొప్పున బరువు పరుచుకుని ఉంది. దాని కొస ఎంత కిందికి దిగుతుంది? ఇటలీ ఇంజనీరు కార్లో అల్బెర్టో కాస్టిలియానో 1873లో టూరిన్‌లో సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో దీనికి చక్కని దారి ఉంది.

వంగిన దూలంలో, బరువు చేసిన పని శక్తిగా నిలవ ఉంటుంది. ఇదే స్ట్రెయిన్ ఎనర్జీ. ఒక బిందువు దగ్గరి బరువును రవ్వంత పెంచితే ఈ శక్తి ఎంత పెరుగుతుందో చూసి, ఆ పెరుగుదలను పెంచిన బరువుతో భాగిస్తే, బరువు పనిచేసే దిశలో ఆ బిందువు ఎంత జరిగిందో తెలుస్తుంది. కారణం సులువు. ఆ రవ్వంత బరువును ముందే పెట్టి, అసలు బరువులు తర్వాత ఎక్కించామనుకోండి. అప్పుడు చిన్న బరువు కూడా దూలంతోపాటు మొత్తం దూరం దిగుతుంది. అది అదనంగా చేసిన పని, దాని విలువను ఆ దూరంతో గుణించినంత. బరువులు ఏ వరుసలో ఎక్కినా చివరికి నిలిచే శక్తి ఒకటే.

మన దూలం కొసన విడిగా బరువేదీ లేదు కదా, దేన్ని పెంచాలి? అక్కడ P అనే ఉత్తుత్తి బరువును ఊహిస్తాం. కొస నుంచి x దూరంలో బెండింగ్ మూమెంట్:

M = Px + wx²/2

నిలిచిన శక్తి M²/2EIని పొడవంతా కూడితే వస్తుంది. దాన్ని P పరంగా అవకలనం చేస్తే:

δ = PL³/3EI + wL⁴/8EI

ఇప్పుడు P సున్నా చేస్తే రెండో పదమే మిగులుతుంది. విద్యార్థులు తరచూ తప్పేది ఇక్కడే: అవకలనానికి ముందే P తీసేస్తే పెంచడానికి ఏమీ ఉండదు. ఇంకో పొరపాటు, రెండు చోట్ల సమానమైన బరువులుంటే రెండింటికీ P అనే రాయడం. అప్పుడు వచ్చే జవాబు ఆ రెండు చోట్ల దిగుడుల మొత్తం. వాటికి వేర్వేరు పేర్లు పెట్టి, చివర్లో సమానం చేయాలి.

దూలం ఐఎస్ఎంబి 200 అయితే I సుమారు 2235 సెం.మీ⁴, ఉక్కుకు E 200 గిగాపాస్కల్స్. కొస దాదాపు 4.5 మిల్లీమీటర్లు దిగుతుంది. కొసన నిజంగానే 5 కిలోన్యూటన్ల బరువు వేలాడదీస్తే మొదటి పదం మరో 3 మిల్లీమీటర్లు కలుపుతుంది.

ఈ లెక్క దూలం సాగేగుణపు హద్దులో ఉండి, కొద్దిగానే వంగినప్పుడు చెల్లుతుంది. గోడలోని మొదలు కదలకూడదు కూడా. కొలిచి చూస్తే 4.5 బదులు 10 మిల్లీమీటర్లు వచ్చిందా? ఉక్కును అనుమానించే ముందు, గోడలో దూలం బిగువుగా ఉందో లేదో చూడండి. అక్కడ ఒక డిగ్రీలో ఆరోవంతు తిరిగినా, ఆ 2 మీటర్ల కొస ఇంకో 5 మిల్లీమీటర్ల పైనే దిగుతుంది.