గులాబ్ షహీన్‌గా ఎలా మారింది?

2021 సెప్టెంబరు 26 రాత్రి శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర తీరం దాటిన తుపాను పేరు గులాబ్. ఆ పేరు పాకిస్థాన్ ఇచ్చింది. భూమి మీదికి వచ్చాక అది బలం కోల్పోయి అల్పపీడనంగా మిగిలింది. దక్కను దాటి అరేబియా సముద్రంలోకి దిగాక, వెచ్చని నీటి మీద మళ్ళీ పుంజుకుంది. అక్టోబరు 1న దాని పేరు షహీన్. ఈ పేరు ఖతార్‌ది. తుపానుగా మిగలనప్పుడే పాత పేరు చెల్లిపోయింది, మళ్ళీ తుపానైనప్పుడు జాబితాలో తర్వాతి పేరు దక్కింది. ఆ షహీనే ఒమన్ తీరాన్ని తాకింది.

మన రెండు సముద్రాల్లోనూ పేరు పెట్టేది ఢిల్లీలోని భారత వాతావరణ శాఖ. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే పేరు. 13 దేశాలు తలా 13 పేర్లిచ్చాయి, ఒకసారి వాడిన పేరు మళ్ళీ రాదు. అట్లాంటిక్‌లో అలా కాదు. అక్కడ ఆరు జాబితాలు ఏడాదికొకటి చొప్పున తిరిగి వస్తుంటాయి. మరీ ఘోరం చేసిన తుపాను పేరును మాత్రం తీసేస్తారు. ఫిలిప్పీన్స్‌లో ఇంకో తీరు. 2013లో ప్రపంచం హైయాన్ అన్న తుపానును అక్కడివాళ్ళు యోలాండా అన్నారు. తమ ప్రజల నోట పలికే పేర్లు కావాలని ఆ దేశం సొంత జాబితా పెట్టుకుంది.

పేర్ల సంగతి ఎలా ఉన్నా, నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది ప్రమాద హెచ్చరికల నంబర్లు. ఫిలిప్పీన్స్‌లో ఒకటి నుంచి ఐదు దాకా నంబరు పెరిగితే గాలి పెరిగినట్టే. మన రేవుల్లో ఒకటి నుంచి పదకొండు దాకా ఉన్న నంబర్లు మెట్లలా ఎక్కవు. అవి పూర్వం ఓడల కోసం పుట్టినవి. పగలు స్తంభానికి గుర్తులు, రాత్రి దీపాలు కట్టేవారు. 8 అంటే తీవ్ర తుపాను వెళ్ళే దారికి రేవు ఎడమ వైపున ఉందని అర్థం. 9 అంటే కుడి వైపున. 10 అంటే రేవు మీదుగా, లేదా అతి దగ్గరగా వస్తోందని.

ఈ కుడి ఎడమల తేడా చిన్నది కాదు. మన అర్ధగోళంలో తుపాను గాలి అపసవ్యంగా తిరుగుతుంది. తూర్పు నుంచి వచ్చే తుపాను బాపట్ల దగ్గర తీరం దాటితే, దానికి ఉత్తరాన ఉన్న మచిలీపట్నం కుడి వైపున పడుతుంది. అక్కడ గాలి సముద్రాన్ని ఊరి మీదికి నెడుతుంది, ఉప్పెన భయం ఆ వైపే ఎక్కువ. దక్షిణాన ఎడమ వైపు ఉన్న ఊళ్ళలో గాలి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది.

ఇక పదకొండో నంబరు అన్నిటికన్నా పెద్ద తుపాను అనుకుంటారు చాలామంది. తుపాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని, వాతావరణం ప్రమాదకరంగా ఉందని రేవు అధికారి తానుగా నిర్ణయించి ఎగరేసే గుర్తు అది.