ఎవరన్నారో చెప్పకుండా ఏమన్నారో చెప్పడం

360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్‌లో ఒక ఉద్యోగి గురించి పైఅధికారి, తోటివారు, జూనియర్లు విడివిడిగా అభిప్రాయం రాస్తారు. వాటిని ఒకే నివేదికగా కూర్చేవారు ముందుగా చూసుకోవాల్సింది తలల లెక్క. ఏ వర్గంలోనైనా కనీసం ముగ్గురు రాస్తేనే దాని సగటును విడిగా చూపడం వాడుక. ఒక టీమ్ లీడర్ గురించి నలుగురు తోటివారు, ఇద్దరు జూనియర్లు రాశారనుకుందాం. అప్పుడు ఆరుగురికీ కలిపి ఒకే సగటు ఇవ్వాలి. దాని పక్కన తోటివారి సగటునూ వేస్తే, చిన్న తీసివేతతో జూనియర్ల మార్కులు బయటపడతాయి. పైఅధికారి ఒక్కరే కాబట్టి ఆయన మాట దాగదు. ఆ సంగతి రాయకముందే ఆయనకు చెప్పాలి.

అసలు చిక్కు రాతలతోనే. "శుక్రవారం క్లయింట్ కాల్‌లో నా మాట మధ్యలోనే తుంచేశారు" అన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు పెడితే రాసినవారు ఇట్టే దొరికిపోతారు. ఇదే ఫిర్యాదు ఇంకొకరి రాతలోనూ కనిపిస్తే, రోజు, సందర్భం, రాసినవారి మాటతీరు తీసేసి, "సమావేశాల్లో ఎదుటివారిని పూర్తిగా మాట్లాడనివ్వరు" అని రాయాలి. ఒక్కరే అన్నదైతే వదిలేయడమే మేలు. వేధింపుల ఫిర్యాదు మాత్రం నివేదికలో కలపకూడదు, దానికి వేరే విచారణ దారి ఉండాలి. ఇద్దరు ముగ్గురే ఉన్న టీముల్లో గోప్యత ఉంటుందని మాట ఇవ్వకూడదు.