ఒకే ధరకు వెబ్‌సైట్: పత్రంలో ఏం రాసుకోవాలి?

ఫలానా ధరకు ఫలానా పని చేసి ఇస్తానని ఫ్రీలాన్సర్ రాసి, ఇరుపక్షాలూ సంతకం చేసే పత్రమే స్టేట్‌మెంట్ ఆఫ్ వర్క్. గంటల లెక్కన చేసే పనిలో పని పెరిగితే బిల్లూ పెరుగుతుంది. మొత్తానికి ఒకే ధర మాట్లాడుకున్నప్పుడు అదనంగా పట్టే ప్రతి గంటా ఫ్రీలాన్సర్‌కు నష్టమే. కాబట్టి ఈ పత్రంలో పనిని లెక్కపెట్టి చూసుకునేలా రాయాలి.

మంగళగిరిలోని ఒక చేనేత చీరల దుకాణం 60,000 రూపాయలకు వెబ్‌సైట్ చేయించుకుంటోందనుకుందాం. ‘అన్ని హంగులతో వెబ్‌సైట్’ అని రాసుకుంటే ఆ హంగులు ఎన్నో ఎవరూ చెప్పలేరు. ‘ఐదు పేజీలు, 40 చీరల జాబితా, వాట్సాప్‌లో అడిగేందుకు బటన్, మొబైల్‌లోనూ సరిగ్గా కనిపించే డిజైన్, దానికి రెండు విడతల మార్పులు’ అని రాసుకుంటే పని పూర్తయిందో లేదో ఎవరైనా సరిచూడగలరు. ధరలో కలవనివి కూడా రాయాలి: ఆన్‌లైన్ చెల్లింపులు, చీరల ఫొటోలు తీయడం, డొమైన్, హోస్టింగ్ ఖర్చులు. తర్వాత వీటిలో ఏదైనా కావాలంటే దానికయ్యే ధర, గడువు విడిగా రాసుకుని, యజమాని ఒప్పుకున్నాకే పని మొదలవుతుంది.

చెల్లింపులను చేతికి అందే పనితో ముడిపెట్టాలి. సంతకాలప్పుడు 18,000, డిజైన్ ఆమోదించాక 18,000, పరీక్ష కోసం సైట్‌ను చూపించాక 15,000, సైట్ అందరికీ తెరిచే ముందు మిగిలిన 9,000. చివరి విడతను చిన్నదిగా ఉంచడంలో అర్థం ఉంది. చీరల ఫొటోలు, వివరాలు ఇవ్వాల్సింది దుకాణమే. అవి రెండు నెలలు ఆలస్యమైతే చేసిన పనికి డబ్బు ఆగిపోతుంది. అందుకే అవి ఏ తేదీకి అందాలో, ఆలస్యమైతే గడువు అన్ని రోజులు జరుగుతుందని, డిజైన్ చూపించిన ఏడు రోజుల్లో అభ్యంతరం రాకపోతే ఆమోదించినట్లేనని ముందే రాసుకోవాలి.

మరో ముఖ్య విషయం హక్కులు. భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఉద్యోగి కాని ఫ్రీలాన్సర్ రాసిన కోడ్‌పై మొదటి హక్కు మామూలుగా అతడిదే. డబ్బు చెల్లించినంత మాత్రాన అది దుకాణానికి మారదు, రాతపూర్వకంగా సంతకం చేసి బదిలీ చేయాలి. ఆ రాతలో కాలపరిమితి లేకపోతే ఐదేళ్లకేనని, ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికేనని చట్టం భావిస్తుంది. అందుకని ‘పూర్తి చెల్లింపు అందిన రోజున, కాపీరైట్ ఉన్నంతకాలానికి, ప్రపంచమంతటికీ హక్కుల బదిలీ’ అని రాస్తే ఫ్రీలాన్సర్‌కు డబ్బు, దుకాణానికి సైట్ రెండూ భద్రం.

సైట్ తెరిచాక 30 రోజుల వరకు తేలిన లోపాలను ఉచితంగా సరిచేస్తానని రాయడం న్యాయం. బటన్ పనిచేయకపోవడం లోపం, బటన్ రంగు నచ్చకపోవడం మార్పు. ఈ తేడా పత్రంలో ఉంటే చివరి బిల్లు దగ్గర వాదన ఉండదు.