పేరుంది... పేజీలే లేవు!

చందర్లపాడు అమ్మాయి నాలుగేళ్లు శ్రమించి రాసిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథమది. నందిగామ నెట్ సెంటర్ నుంచి సాయంత్రం 5 గంటలకు విశ్వవిద్యాలయం సైట్‌లోకి పంపింది. 'అప్‌లోడ్ పూర్తయింది' అన్న సందేశమూ వచ్చింది. ఎందుకైనా మంచిదని తెరిచి చూస్తే... తెల్లటి తెర! గడువేమో 6 గంటలకే.

పెన్‌డ్రైవ్‌లోని ఫైలు సైజు చూస్తే విషయం అర్థమైంది: 0 KB. బస్సు దాటిపోతుందన్న హడావుడిలో, కాపీ కాగానే పెన్‌డ్రైవ్‌ని లాగేసింది మరి. కంప్యూటర్ ఒక్కోసారి ముందుగా ఫైలు పేరు నమోదు చేసి, అసలు సమాచారాన్ని కాసేపు తన మెమరీలోనే ఉంచుకుంటుంది. ఆ తర్వాతే పెన్‌డ్రైవ్‌లోకి చేరుస్తుంది. ఈలోగా లాగేస్తే పేరొక్కటే మిగులుతుంది. అందుకే తీసేముందు 'Eject' నొక్కాలి. ఇక సైట్ ఇచ్చే సందేశానికి ఫైలు అందిందన్నంతే అర్థం, లోపల ఏముందో అది చెప్పదు.

అసలు ప్రతి ఇంట్లో కంప్యూటర్‌లో భద్రంగా ఉంది. అక్క ఫోన్ చేయగానే తమ్ముడు దాన్ని మెయిల్‌లో పంపాడు. ఈసారి సైజు 6 MB. చివరి పేజీ దాకా తిప్పి చూశాకే, ఖాళీ ఫైలు తొలగించి కొత్తది పెట్టింది. మళ్లీ సైట్ నుంచే దించుకుని తెరిచింది. అక్షరాలు కనిపించాయి. అప్పటికి సమయం 5.40!