మెంథైల్ క్లోరైడ్ దగ్గర జైట్సెవ్ రూల్ ఎందుకు ఫెయిలవుతుంది?

ఈ2 ఎలిమినేషన్ అనగానే ఎక్కువ గ్రూపులున్న ఆల్కీన్ టిక్ పెట్టేస్తాం. అదే జైట్సెవ్ రూల్. కానీ దానికంటే ముందు ఒక కండిషన్ ఉంది. బయటికి పోయే హైడ్రోజన్, క్లోరిన్ ఒకే ప్లేన్‌లో, ఎదురెదురు దిక్కుల్లో ఉండాలి. దీన్నే యాంటీ పెరిప్లానార్ అంటారు. ఆరు కార్బన్ల రింగ్‌లో అయితే రెండూ యాక్సియల్‌గా ఉండాలన్నమాట: ఒకటి నిటారుగా పైకి, పక్క కార్బన్ మీదిది నిటారుగా కిందికి.

ముందు నియోమెంథైల్ క్లోరైడ్ చూద్దాం. దీని మామూలు చైర్ షేప్‌లోనే క్లోరిన్ యాక్సియల్. రెండు పక్కలా సరైన హైడ్రోజన్ రెడీగా ఉంటుంది. సోడియం ఇథాక్సైడ్ వేస్తే సుమారు 75 శాతానికి పైగా 3-మెంథీన్ వస్తుంది. దాని డబుల్ బాండ్ మీద మూడు గ్రూపులు. ఇక్కడ జైట్సెవ్ కరెక్టే.

మెంథైల్ క్లోరైడ్‌లో తేడా ఒక్కటే, క్లోరిన్ దిక్కు. మామూలు చైర్‌లో అది ఈక్వటోరియల్, కాబట్టి రియాక్షన్ జరగదు. రింగ్ ఫ్లిప్ అవ్వాలి. అప్పుడు క్లోరిన్‌తో పాటు మిథైల్, ఐసోప్రొపైల్ కూడా యాక్సియల్ అయి ఇరుక్కుంటాయి. ఆ షేప్‌లో ఏ క్షణమైనా ఉండే మాలిక్యూల్స్ చాలా తక్కువ. అందుకే రియాక్షన్ దాదాపు 200 రెట్లు స్లో.

ఇప్పుడు అసలు పాయింట్. ఐసోప్రొపైల్ ఉన్న కార్బన్ మీద, క్లోరిన్‌కి ఎదురుగా ఉన్నది ఐసోప్రొపైలే! అక్కడి హైడ్రోజన్ పక్కకి తిరిగిపోయింది. రెండో పక్క హైడ్రోజనే దిక్కు. వచ్చేది 2-మెంథీన్ ఒక్కటే, రెండు గ్రూపులే ఉన్నా సరే.

కాబట్టి రింగ్ కనిపిస్తే ఫ్లాట్ బొమ్మ నమ్మకండి. క్లోరిన్ యాక్సియల్‌గా ఉన్న చైర్ గీసి, రెండు పక్కలా యాక్సియల్ హైడ్రోజన్ ఉందో లేదో చూడండి. రెండు వైపులా ఉంటేనే జైట్సెవ్‌ని అడగాలి.